పాత వెండి రూపాయిని తోమితే ఏం పోతుంది?

శ్రావణ శుక్రవారం దగ్గర పడిందంటే గుంటూరు, విజయవాడ ఇళ్లలో బీరువాలోని వెండి బయటకు వస్తుంది. కుందులు, కుంకుమ భరిణె, హారతి పళ్లెం, వాటితోపాటు చిన్న గుడ్డ సంచిలో అమ్మమ్మ దాచిన నాలుగు పాత రూపాయి బిళ్లలు. అన్నిటినీ ఒకే గిన్నెలో వేసి, విభూతితోనో పళ్లపొడితోనో తోమి, కుంకుడు నురగలో కడిగి, తళతళలాడేలా తుడిచి అమ్మవారి ముందు పెడతారు. కుందులకు అది మంచిదే, ఏటా చేయాల్సిన పనే. బిళ్లల సంగతి వేరు. ఆ పది నిమిషాల్లో వాటికి జరిగే నష్టాన్ని ఆ తర్వాత ఏ కంసాలీ, ఏ నిపుణుడూ సరిచేయలేరు.

నష్టం ఎక్కడ జరుగుతుందో తెలియాలంటే బిళ్లలో రెండు రకాల విలువ ఉందని ముందు గుర్తించాలి. మొదటిది వెండి విలువ. బ్రిటిష్ కాలపు రూపాయి బరువు 11.66 గ్రాములు. 1939 వరకు వచ్చిన రూపాయిల్లో 91.7 శాతం వెండి ఉండేది, అంటే ఒక్కో బిళ్లలో దాదాపు 10.7 గ్రాములు. 1940 నుంచి వెండిని 50 శాతానికి తగ్గించారు, 1947 రూపాయి పూర్తిగా నికెల్. ఈ వెండి విలువ తోమినా తోమకపోయినా దాదాపు అంతే ఉంటుంది, ఎందుకంటే రుద్దితే పోయే వెండి తూకానికి అందనంత తక్కువ. రెండో విలువ నాణేలు సేకరించేవాళ్లు ఇచ్చేది. అది వెండి ధర మీద పైన పలికే మొత్తం, ఒక్కోసారి వెండి ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఇది మొత్తం బిళ్ల పైపొర మీదే ఆధారపడి ఉంటుంది. తోమేది సరిగ్గా ఆ పైపొరనే.

ఆ పైపొర ఎలా తయారవుతుందో చూద్దాం. టంకశాలలో నున్నటి వెండి బిళ్లను రెండు ఉక్కు అచ్చుల మధ్య పెట్టి బలంగా కొడతారు. ఆ దెబ్బకు వెండి మైనంలా కదిలి, మధ్య నుంచి అంచుల వైపు పారుతుంది. అలా పారిన దారుల్లో కంటికి కనిపించనంత సన్నటి గీతలు ఏర్పడతాయి. పెద్దగా చేతులు మారని బిళ్లను ఒకే దీపం కింద పట్టుకుని మెల్లగా తిప్పితే, వెలుగు రెండు మూడు పాయలుగా చీలి బండి చక్రం ఆకుల్లా బిళ్ల మీద తిరుగుతుంది. అచ్చు నుంచి వచ్చిన మెరుపు అదే. సేకర్తలు ముందు వెతికేది దాన్నే. విభూతితో నాలుగు సార్లు రుద్దితే ఆ గీతల కొసలు అణిగిపోతాయి, వాటి స్థానంలో రుద్దిన దిక్కులో కొత్త గీతలు పడతాయి. బిళ్ల అప్పుడు మరింత తెల్లగా, మరింత మెరుస్తూ కనిపిస్తుంది. కానీ ఆ వెలుగు తిరగదు. అద్దం మీద పడినట్టు ఒకేచోట నిలిచిపోతుంది. మళ్లీ అచ్చులో పెట్టి కొడితే తప్ప ఆ మెరుపు రాదు, అప్పుడది పాత నాణెం కాదు.

నలుపు సంగతి కూడా చాలామంది పొరబడేదే. వెండి మీద నల్లటి పొరను మురికి అనుకుంటాం. గాలిలో అతి తక్కువగా ఉండే గంధకపు వాయువు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అయితే ఆ నలుపు వస్తుంది. అంటే ఆ పొరలో ఎక్కువ పాలు ఆ బిళ్ల వెండే. పొర ఎంత పల్చగా ఉంటుందంటే, మొదట లేత పసుపుగా, తర్వాత ముదురు గోధుమ రంగుగా, ఆపైన నీలంగా, చివరికి నల్లగా కనిపిస్తుంది. ఒకే పొర మందం పెరిగే కొద్దీ రంగు మారుతుందన్న మాట. దశాబ్దాలు పెట్టెలో ఉన్న బిళ్లకు ఈ రంగులు నెమ్మదిగా, బొమ్మ చుట్టూ, అక్షరాల మధ్యా సమంగా దిగుతాయి. సేకర్తలు దీన్ని లోపంగా చూడరు. ఈ బిళ్లను ఎవరూ ముట్టుకోలేదు, దీని మీద ఎవరూ పనితనం చూపించలేదు అనడానికి అదే సాక్ష్యం. అరుదైన సంవత్సరాలకు నకిలీలు ఎక్కువ కాబట్టి ఈ సాక్ష్యానికి ఇంకా బరువు. తోమిన బిళ్ల మీద పోత పోసిన నకిలీని, అసలైనదాన్ని వేరుచేసే గుర్తులు చాలా వరకు చెరిగిపోతాయి. కొనేవాడికి అనుమానం వస్తే అతను ఇచ్చేది వెండి ధరే.

తోమిన బిళ్లను గుర్తుపట్టడం కొంచెం అలవాటైతే కష్టమేమీ కాదు. కంసాలి కంటికి పెట్టుకునే పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఉంటే చాలు. బిళ్ల మీది విక్టోరియా రాణి బుగ్గ పక్కన, బొమ్మ లేని ఖాళీ చోటు చూడాలి. అక్కడ ఒకే దిక్కులో నడిచే వెంట్రుకల్లాంటి గీతలు గుంపుగా ఉంటే అది గుడ్డతో రుద్దిన గుర్తు. జేబుల్లో, గల్లాపెట్టెల్లో తిరిగి వచ్చిన గీతలు ఇలా ఉండవు, నాలుగు దిక్కులకూ చెదిరి, లోతూ వెడల్పూ ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. ఇంకో గుర్తు కూడా ఉంది. ఖాళీ చోటు తెల్లగా మెరుస్తూ, అక్షరాల సందుల్లో మాత్రం నల్లటి మట్టి కూరుకుపోయి ఉంటే, చేతికి అందినంత మేర ఎవరో తోమారన్న మాట. పాత నాణేలకు గ్రేడింగ్ ఇచ్చే పీసీజీఎస్, ఎన్జీసీ లాంటి అంతర్జాతీయ సంస్థలు ఇలాంటి బిళ్లకు అంకెల్లో గ్రేడు ఇవ్వవు. అసలైనదే కానీ శుభ్రం చేశారు అని రాసి ఇస్తాయి. బజారులో ఆ ఒక్క మాటకే ధర పడిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంట్లో తాతగారి పెట్టెలో 11 బిళ్లలు దొరికాయనుకుందాం. మూడింటి మీద విక్టోరియా క్వీన్ అనీ, వెనక 1862 అనీ ఉంది. నాలుగింటి మీద విక్టోరియా ఎంప్రెస్ అని ఉంది, అంటే 1877 నుంచి వచ్చినవి. ఒకటి 1911 నాటిది, ఒకటి 1919 నాటిది, ఆ రెండింటి మీదా అయిదో జార్జి బొమ్మ. మిగిలిన రెండు 1944వి. అన్నీ నల్లగా ఉన్నాయి. ఒక దాని మీద కుంకుమ గట్టిపడి ఉంది, ఒక ఎంప్రెస్ బిళ్లకు దండలో వేసుకోవడానికి ఎప్పుడో కొక్కెం అతికించారు.

పైకి చూస్తే 1862 బిళ్లలు మూడూ ఒకటే. కానీ 1862 అన్న తేదీని తర్వాత పదేళ్లకు పైగా మార్చకుండా అలాగే వాడారు, 1874లో గానీ కొత్త తేదీ రాలేదు. ఆ మధ్యలో వచ్చినవాటిని వేరుచేయడానికి మిగిలిన ముఖ్యమైన ఆధారం బొరుసు వైపు తేదీ దగ్గర ఉండే చిన్న చుక్కలు. ఎన్ని చుక్కలు, ఏ స్థానంలో ఉన్నాయి అన్నదాన్ని బట్టి సేకర్తలు రకాలను విడదీస్తారు. కొన్ని రకాలు మామూలుగా దొరుకుతాయి, కొన్ని దొరకవు. ఆ చుక్క గుండుసూది తలలో నాలుగో వంతు కూడా ఉండదు. ఉపరితలం కంటే కొంచెం ఎత్తుగా ఉంటుంది కాబట్టి రుద్దేటప్పుడు ముందు అరిగేది అదే. ఒక్కసారి తోమితే మొత్తం పోదు, కానీ ఏటేటా శ్రావణంలో తోమితే, ఇరవై ఏళ్లకు అక్కడ చుక్క ఉందా లేదా అన్నది వాదనగా మిగులుతుంది.

1919 బిళ్ల కూడా అలాంటిదే. బొరుసు వైపు అడుగున ఉన్న పువ్వు కింద చిన్న పూస లాంటి చుక్క ఉంటే అది బొంబాయి టంకశాలది, లేకపోతే కలకత్తాది. 1911 బిళ్ల కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆ ఏడాది రాజు ధరించిన అంగీ మీద ఒక పతకపు గొలుసు చెక్కారు, అందులో ఒక ఏనుగు ఉంది. ఆ ఏనుగు తొండం పొట్టిగా ఉండటంతో అది పందిలా కనిపిస్తోందని జనంలో అలజడి రేగింది. ప్రభుత్వం ఆ బిళ్లల్లో ఎక్కువ భాగాన్ని చలామణిలోకి వదలకుండా కరిగించేసింది. 1912 నుంచి తొండం సరిచేసిన కొత్త అచ్చు వచ్చింది. అందుకే 1911 రూపాయిని సేకర్తలు పంది రూపాయి అంటారు, మిగతా జార్జి రూపాయిల కంటే ఎక్కువ ఇచ్చి కొంటారు. ఇంతా చేసి ఆ ఏనుగు బొమ్మ మిల్లీమీటరంత పనితనమే. పళ్లపొడితో బ్రష్షు పెట్టి తోమితే అరిగేది రాజు భుజం మీద ఎత్తుగా ఉన్న ఆ భాగమే.

కాబట్టి ఈ ఇంట్లో వాళ్లు 11 బిళ్లలనూ గిన్నెలో వేసి తోమితే అన్నీ సమానంగా తెల్లబడతాయి, సమానంగా వెండి ధరకు దిగిపోతాయి. 1944వి రెండూ మామూలుగా దొరికేవే, కొక్కెం ఉన్నదానికి సేకర్తల దగ్గర విలువ అప్పటికే చాలా వరకు పోయింది. ఆ మూడింటినీ పూజకు ఉంచుకుని, కావాలంటే మెత్తటి గుడ్డతో తుడుచుకుంటే ఎవరికీ నష్టం లేదు. మిగిలిన ఎనిమిదిలో ఏది దేనికి పనికొస్తుందో తెలిసే వరకు వాటిని ముట్టుకోకూడదు. పూజకు పాత బిళ్లలే ఉండాలన్న నియమం ఉంటే, ఇలా విడదీయడమే మంచి దారి. సెంటిమెంటూ నిలుస్తుంది, బిళ్లలూ నిలుస్తాయి.

రుద్దకుండా, మందులో ముంచితే ఏమవుతుంది అని కొందరు అడుగుతారు. నగల దుకాణాల్లో వెండిని క్షణాల్లో తెల్లగా చేసే ద్రావణం ఉంటుంది. అది నల్లటి పొరను కరిగిస్తుంది, ఆ పొరలోని వెండి కూడా దాంతోపాటే పోతుంది. ముంచిన ప్రతిసారీ ఆ సన్నటి గీతల కొసలు కొంచెం కొంచెం కరుగుతాయి. రెండు మూడు సార్లకు బిళ్ల సున్నం వేసిన గోడలా, మెరుపు లేని తెలుపులోకి మారుతుంది. ఫోన్లో తిరిగే వీడియోల్లో అల్యూమినియం రేకు, సోడా ఉప్పు, వేడినీళ్ల చిట్కా ఒకటి ఉంది. అది నలుపును తిరిగి వెండిగా మారుస్తుందన్నది నిజమే. కానీ అలా తిరిగి వచ్చిన వెండి మునుపటిలా నున్నగా అతుక్కోదు, గరుకుగా, పొడిపొడిగా కూర్చుంటుంది. మనం రోజూ తినే వెండి గిన్నెకు దాంతో ఇబ్బంది లేదు. భూతద్దం కింద పరీక్షకు నిలవాల్సిన నాణేనికి అది పనికిరాదు.

మరి పెట్టె తెరవగానే చేయాల్సింది ఏమిటి? ముందు చేతులు కడుక్కుని బాగా తుడుచుకోవాలి. టేబుల్ మీద నాలుగు మడతలు వేసిన టవలు పరిచి, దాని మీదే బిళ్లలను పట్టుకోవాలి. జారినా నేల మీద పడి అంచు నొక్కుకుపోదు. పట్టుకునేది అంచుల దగ్గరే, బొమ్మ మీద వేలు పెట్టకూడదు. వేలి చెమటలోని ఉప్పు, కొవ్వు ఆ చోటే అంటుకుని, కొన్నాళ్లకు వేలిముద్ర ఆకారంలో మచ్చగా తేలుతుంది. మన ఎండాకాలపు చెమటకు ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

తర్వాత ఫోటోలు. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, బొమ్మ వైపు, బొరుసు వైపు, పక్క అంచు. ప్రతి బిళ్లకూ ఒక అంకె వేసి, కాగితం మీద బరువు, తేదీ, కనిపించే అక్షరాలు రాసుకోవాలి. గ్రాములో వందో వంతు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ తూకం చాలు. 11.66 గ్రాములకు బాగా తక్కువ వస్తే బిళ్ల బాగా అరిగిందనో, నకిలీ అనో అనుమానించాలి. అదే కాగితం మీద ఇంకో విషయం కూడా రాయాలి: ఈ పెట్టె ఎవరిది, ఏ ఊరి నుంచి వచ్చింది, ఇంట్లో పెద్దవాళ్లు దీని గురించి ఏమంటున్నారు. అమ్మమ్మకు గుర్తున్నప్పుడే అడిగి రాసుకోవాలి, పదేళ్ల తర్వాత అడగడానికి ఎవరూ ఉండకపోవచ్చు.

కుంకుమ పట్టిన బిళ్ల విషయంలో మాత్రం ఒక పని చేయొచ్చు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరు గాజు గిన్నెలో పోసి, బిళ్లను ఒక గంట నానబెట్టాలి. కొళాయి నీళ్లు వద్దు, వాటిలోని క్లోరిన్, ఉప్పు వెండికి మంచివి కావు. తర్వాత అంచులు పట్టుకుని తీసి, మెత్తటి నూలు గుడ్డ మీద పెట్టి, పైన ఇంకో మడత వేసి అద్దాలి. అంతే. రుద్దకూడదు. నీళ్లలో ఊడి వచ్చినంత వస్తుంది, మిగిలింది అలాగే ఉండనివ్వాలి. వదిలేసిన కుంకుమ వల్ల జరిగే నష్టం, గోకి తీసిన గీత వల్ల జరిగే నష్టం కంటే చాలా తక్కువ.

దాచడంలోనూ ఒక చిక్కు ఉంది. మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో కొన్ని కాలక్రమేణా ఆకుపచ్చని జిగురును వదులుతాయి, అది బిళ్లను తినేస్తుంది. రబ్బరు బ్యాండులో గంధకం ఉంటుంది కాబట్టి బిళ్లల చుట్టూ చుట్టకూడదు. ఒక్కో బిళ్లను ఒక్కో కాగితపు కవరులో పెట్టి, డబ్బాలో ఒకటి రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి, వంటింటికి దూరంగా, బీరువాలో పెడితే చాలు. నాణేల కోసమే అమ్మే కవర్లు దొరికితే మరీ మంచిది.

ఇత్తడి, రాగి, పంచలోహం విషయంలో ఈ కథ కొంచెం మారుతుంది, అయినా క్లుప్తంగా చెప్పాల్సిందే. మన ఇళ్లలో ఇత్తడిని చింతపండుతో, కొందరు ఉప్పు కలిపి కూడా తోముతారు. చింతపండులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది, దాంతోపాటు ఇత్తడిలోని జింకును కూడా కొంత లాగేస్తుంది. ఎక్కువసేపు నానితే ఇత్తడి ఎర్రగా మారడం అందుకే. కలిపిన ఉప్పు ఇంకా ప్రమాదం. ఉప్పులోని క్లోరైడు రాగి కలిసిన లోహపు సందుల్లో మిగిలిపోతే, గాలిలో తేమ దొరికినప్పుడల్లా లోపల రసాయన చర్య సాగుతూ లేత ఆకుపచ్చ పొడి బయటకు వస్తుంటుంది. పాత విగ్రహం మీద గట్టిగా, నున్నగా అంటుకున్న ముదురు చిలుము హాని చేయదు. వేలితో తాకితే పొడిలా రాలే లేత ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే మాత్రం దాన్ని విడిగా పొడిచోట పెట్టి లోహ వస్తువుల సంరక్షణ తెలిసిన నిపుణుడికి చూపించాలి. ఏదీ ముట్టుకోకూడదన్న నియమానికి ఇది నిజమైన మినహాయింపు. పోతే, వంద ఏళ్లు దాటిన లోహ విగ్రహాల మీద 1972 పురావస్తువుల, కళానిధుల చట్టం కింద రిజిస్ట్రేషన్ బాధ్యత ఉంటుంది, వాటిని సొంతంగా విదేశాలకు పంపించడం నేరం. అమ్మే ఆలోచన చేసేముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

బిళ్లలు అమ్మదలుచుకుంటే, వాటిని మొదట వెండి కొనే దుకాణానికి తీసుకెళ్లకూడదు. అక్కడ తూకమేసి వెండి ధర చెబుతారు, వాళ్ల వ్యాపారం అది, తప్పేమీ లేదు. పాత నాణేలు కొనే ఇద్దరు ముగ్గురికి విడివిడిగా ఫోటోలు చూపించి, ఆ తర్వాతే బిళ్లలు చూపించాలి. శుభ్రం చేసి చూస్తానని ఎవరైనా అంటే బిళ్లను వెనక్కి తీసుకోవాలి. ఫోన్లో పాత నాణేనికి లక్షలిస్తామని చెప్పి, ముందుగా పన్ను అనో కమిషన్ అనో డబ్బు అడిగే ప్రకటనలు మోసాలు. వాటి గురించి రిజర్వు బ్యాంకు 2021లోనే జనాన్ని హెచ్చరించింది.

ఇప్పటికే తోమేసిన బిళ్లలు ఉంటే, వాటికి మళ్లీ నలుపు తెప్పించాలని ఉడికిన కోడిగుడ్డు పక్కన పెట్టడం, గంధకం పొగ పెట్టడం లాంటివి చేయొద్దు. అలా వచ్చిన రంగు మచ్చలుగా, ఒకే వైపు మందంగా దిగుతుంది, చూడగానే తెలిసిపోతుంది. రెండో తప్పు మొదటిదాన్ని దాచదు, బిళ్ల మీద రెండుసార్లు చేయి పెట్టినట్టు కనబడుతుంది. కాగితపు కవరులో పెట్టి వదిలేస్తే ఏళ్ల మీద నెమ్మదిగా రంగు దానంతట అదే దిగుతుంది. పోయిన గీతలు రావు, కానీ ఆ తెల్లదనం మాత్రం కొంత తగ్గుతుంది.